పెద్దవాళ్లకు చిన్న ఈమెయిల్

“సార్, నేను ఈ ఏడాది ఎం.ఫార్మసీ పూర్తి చేశాను. నాకు కెరీర్ గైడెన్స్ కావాలి. దయచేసి తగిన సలహా ఇవ్వగలరు.”

ఫార్మా రంగంలో పది పదిహేనేళ్లు పనిచేసిన ఎవరి ఇన్‌బాక్స్‌లో వెతికినా ఇలాంటి ఉత్తరాలు నాలుగైదు దొరుకుతాయి. రాసినవాళ్ల మర్యాదకు వంక పెట్టలేం, అవసరమూ నిజమైనదే. అయినా వీటిలో చాలావాటికి జవాబు వెళ్లదు. దానికి కారణం పెద్దవాళ్ల గర్వమని కుర్రవాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ మెయిల్ తెరిచిన మేనేజరుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. జవాబు రాయాలంటే ముందు ఆయనే నాలుగు ప్రశ్నలు వేయాలి: ఏ స్పెషలైజేషన్? ఏ విభాగం మీద ఆసక్తి? ఊరు దాటి వెళ్లగలరా? చేతిలో ఆఫర్లేమైనా ఉన్నాయా? మూడు వాక్యాల ఉత్తరం ఆయన నెత్తిన అరగంట పని పెట్టింది. ఆదివారం తీరిగ్గా రాద్దామనుకుంటాడు. ఆ ఆదివారం ఇంట్లో పనులతోనే గడిచిపోతుంది.

సాయం చేసే మనసు జనానికి ఉందా అన్న ప్రశ్న మీద పరిశోధనలు జరిగాయి. ఫ్రాంక్ ఫ్లిన్, వనెస్సా లేక్ అనే ఇద్దరు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కొందరిని ముక్కూమొహం తెలియని వాళ్ల దగ్గరికి పంపి చిన్న చిన్న సాయాలు అడిగించారు. ఒక ప్రశ్నాపత్రం నింపమనడం, ఫోన్ ఒకసారి ఇమ్మనడం లాంటివి. ఎంతమందిని అడిగితే పని అవుతుందో ముందే అంచనా వేయమన్నారు. ప్రశ్నాపత్రం విషయంలో వాళ్లు వేసిన అంచనాలో దాదాపు సగం మందిని అడిగేసరికే పని పూర్తయింది. అంటే మనం భయపడేంతగా ఎదుటివాళ్లు కాదనరు.

కానీ అదంతా ఎదురుగా నిలబడి అడిగినప్పటి మాట. ఆ లేకే తర్వాత వనెస్సా బోన్స్ పేరుతో, మహ్‌దీ రోఘనిజాద్‌తో కలిసి 2017లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. ముఖాముఖి అడగడాన్నీ, అదే మాట అపరిచితులకు ఈమెయిల్‌లో పంపడాన్నీ పోల్చి చూశారు. ముఖాముఖి అడిగింది 34 రెట్లు ఎక్కువ ఫలించింది. మెయిల్ రాసినవాళ్లకు మాత్రం ఆ తేడా ముందుగా తట్టలేదు. రాస్తే చాలు, ఒప్పుకుంటారనే అనుకున్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషికి కాదని చెప్పడం ఇబ్బంది. తెరమీద అక్షరాలకు ఆ మొహమాటం అక్కర్లేదు, పక్కకు జరిపేస్తే సరిపోతుంది.

ఈ రెండూ కలిపి చూస్తే సంగతి తేలుతుంది. ఇంత అనుభవమున్నవాళ్లకు సలహా చెప్పాలనే ఉంటుంది. మెయిల్‌లో లేనిది మొహమాటం. ఆ లోటు పూడ్చాలంటే, కాదనడం కంటే జవాబు ఇచ్చేయడమే తేలికయ్యేలా ఉత్తరం ఉండాలి. అది ఎలా ఉంటుందో ఒక నమూనా సందర్భంతో చూద్దాం.

గుంటూరు దగ్గరి కాలేజీలో ఎం.ఫార్మసీ, అందులో ఫార్మాస్యూటికల్ అనాలిసిస్ చదివిన ఒక అమ్మాయి. చేతిలో రెండు ఆఫర్లు. ఒకటి పాశమైలారంలో మాత్రలు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ. పర్మనెంట్ ఉద్యోగం, షిఫ్టులుంటాయి, పనంతా హెచ్‌పీఎల్‌సీ ముందూ డిసొల్యూషన్ యంత్రం ముందూ. రెండోది హైదరాబాద్‌లోనే ఒక చిన్న సంస్థలో రెగ్యులేటరీ అఫైర్స్ ట్రైనీ. ఏడాది కాంట్రాక్టు, జీతం కాస్త తక్కువ, ఏసీ గదిలో పగటి డ్యూటీ. ఆమెకు చివరికి చేరాలని ఉన్నది రెగ్యులేటరీకే. ఆ రంగంలో దాన్ని అందరూ ఆర్ఏ అంటారు.

ఆర్ఏ అంటే ఏమిటో రెండు మాటల్లో. అమెరికాలోనో యూరప్‌లోనో ఒక జనరిక్ మందు అమ్మాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థకు పెద్ద దరఖాస్తు పెట్టుకోవాలి. దాని అమరిక సీటీడీ అనే పద్ధతిలో ఉంటుంది. అమెరికా, యూరప్, జపాన్ నియంత్రణ సంస్థలు, ఔషధ కంపెనీలు కలిసి పనిచేసే ఐసీహెచ్ 2000లో దాన్ని ఖాయం చేసింది. అందులో ఐదు మాడ్యూళ్లు. మందు ఎలా తయారైంది, దాని నాణ్యతను ఎలా పరీక్షించారు, ఎంతకాలం చెడకుండా ఉంటుంది అన్నదంతా మూడో మాడ్యూల్‌లో ఉంటుంది. జనరిక్ కంపెనీలో ఆర్ఏ వాళ్ల కష్టంలో పెద్ద వాటా ఆ మూడో మాడ్యూల్‌దే. అయితే ఆర్ఏ అన్న ఒకే పేరు కింద రెండు రకాల పనులు నడుస్తాయి. ప్లాంటు నుంచి, ల్యాబ్ నుంచి వచ్చిన కాగితాలు చదివి, తప్పులు పట్టి, వాదన కట్టి రాయడం ఒకటి. అలా రాసినవాటిని ఎలక్ట్రానిక్ పద్ధతిలో అమర్చి, బుక్‌మార్కులు, లింకులు పెట్టి, సాంకేతిక లోపాలు లేకుండా పంపడం రెండోది. దీన్ని పబ్లిషింగ్ అంటారు. రెండూ గౌరవమైన పనులే. ఒకదాని నుంచి మరొకదానికి మారడం మాత్రం బయటివాళ్లు అనుకున్నంత సులువు కాదు.

ఈ అమ్మాయి మొదట రాసిన మెయిల్ చూద్దాం. విషయం గడిలో “గైడెన్స్ కావాలి – అర్జెంట్” అని ఉంది. కింద గౌరవనీయులైన మేడమ్ గారికి అని మొదలై, పదో తరగతి మార్కుల నుంచి ప్రాజెక్టు శీర్షిక దాకా సాగింది. ఆ తర్వాత ఆరు ప్రశ్నలు: ఆర్ఏకి భవిష్యత్తు ఉందా? జీతాలు ఎలా ఉంటాయి? సర్టిఫికెట్ కోర్సు చేయాలా? క్యూసీలో చేరితే మళ్లీ ఆర్ఏలోకి రాగలనా? విదేశాలకు వెళ్లే వీలుంటుందా? మీ కంపెనీలో ఖాళీలున్నాయా? చివర రెజ్యూమె జతపరచాను, వీలైతే పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా అని ముగింపు.

ఇందులో చెడ్డ ప్రశ్న ఒక్కటీ లేదు. కానీ ఆరూ ఒక మనిషిని అడగాల్సినవి కావు. సీటీడీ నిర్మాణం, ఆర్ఏ పని స్వరూపం ఐసీహెచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పత్రాలు చదివితే తెలుస్తాయి. జీతాల సంగతి రెండేళ్ల కిందట చేరిన సీనియర్లు ఇంకా బాగా చెప్పగలరు. మేనేజరుకు కొత్తవాళ్ల జీతం గుర్తుండకపోవచ్చు, గుర్తున్నా బయటివాళ్లకు చెప్పకూడదు. ఖాళీల సంగతి హెచ్‌ఆర్‌ది. విదేశాల ప్రశ్న ఐదేళ్ల తర్వాతిది. ఇవన్నీ తీసేశాక మిగిలింది నాలుగో ప్రశ్న. అదే అసలైనది, ఎందుకంటే దానికి జవాబు ఎక్కడా అచ్చులో లేదు. మనుషుల్ని ఇంటర్వ్యూ చేసి ఎంచుకున్న అనుభవం ఉన్నవాళ్ల బుర్రలోనే ఉంది.

ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది, దీన్ని ఈ వ్యాసకర్త అన్నిటికంటే ముందు పెడతారు. అవునని వస్తే ఏం చేస్తాను, కాదని వస్తే ఏం చేస్తాను అని రాసే ముందే కాగితం మీద పెట్టుకోవాలి. రెండు చోట్లా ఒకే పని రాసి ఉంటే ఆ ప్రశ్న అడగనక్కర్లేదు. “ఆర్ఏకి భవిష్యత్తు ఉందా” అన్నదానికి ఉందనే జవాబు వచ్చినా ఆమె రెండు ఆఫర్ల మధ్యే నిలబడి ఉంటుంది. “రెండేళ్ల క్యూసీకి ఎక్కువ విలువ ఇస్తారా, ఏడాది పబ్లిషింగ్‌కా” అన్నదానికి ఏ జవాబు వచ్చినా మర్నాడు ఎవరికి ఫోన్ చేయాలో తేలిపోతుంది. అన్నట్టు, ఈ ప్రశ్న రావాలంటే రెండో ఆఫర్‌లో పని పబ్లిషింగా, రాయడమా అని ఆ సంస్థను ముందే అడిగి తెలుసుకోవాలి. ఆమె అడిగింది. పబ్లిషింగే అన్నారు. సగం దారి అక్కడే గడిచింది.

ఇక ఎవరికి రాయాలి? చాలామంది చూపు కంపెనీలో అందరికంటే పై కుర్చీ మీదే ఉంటుంది. వైస్ ప్రెసిడెంటు స్థాయి మనిషి ట్రైనీలను చూసి ఏళ్లు గడిచి ఉంటాయి. ఈ ప్రశ్నకు సరైన మనిషి పది పన్నెండేళ్ల అనుభవమున్న, తన టీముకు తానే మనుషుల్ని తీసుకునే ఆర్ఏ మేనేజరు. ఆ మనిషి కూడా క్యూసీ నుంచే వచ్చి ఉంటే మరీ మంచిది. మన అమ్మాయి కాలేజీ పూర్వ విద్యార్థుల జాబితా, లింక్డ్ఇన్ పక్కపక్కన పెట్టుకుని అలాంటి ఒక మేడమ్‌ను వెతికి పట్టుకుంది. ఈ వెతుకులాట వృథా పోదు. 2015లో మేనేజ్‌మెంట్ సైన్స్ పత్రికలో అలిసన్ వుడ్ బ్రూక్స్, ఫ్రాన్సెస్కా జినో, మారిస్ ష్వైట్జర్ ప్రచురించిన ప్రయోగాల్లో, సలహా అడిగినవాళ్లు అడగనివాళ్లకంటే సమర్థులుగా కనిపించారు. అడిగితే చులకనవుతామని వాళ్లు భయపడ్డారు గానీ జరిగింది అందుకు భిన్నం. అయితే దీనికి హద్దుంది: విషయం నిజంగా కష్టమైనదై ఉండాలి, అడిగేది ఆ విషయం తెలిసినవాళ్లనే అయి ఉండాలి. గూగుల్‌లో దొరికేది అడిగితే ఆ లాభం ఉండదు.

నిడివి మాటకొస్తే, జీమెయిల్, ఔట్‌లుక్‌లకు తోడుగా పనిచేసే బూమరాంగ్ అనే సంస్థ 2016లో తన వాడుకదార్ల మెయిళ్లు కోట్ల కొద్దీ పరిశీలించి ఒక లెక్క బయటపెట్టింది. 50 నుంచి 125 ఇంగ్లిష్ మాటలున్న మెయిళ్లకు జవాబులు ఎక్కువగా, సగానికి కాస్త పైన, వచ్చాయి. అవి అన్ని రకాల మెయిళ్లు, సలహా అడిగినవి మాత్రమే కావు. కాబట్టి ఆ అంకెను శాసనంలా పట్టుకోనక్కర్లేదు. ఫోన్ తెర మీద ఒకటి రెండుసార్లు వేలితో జరిపేలోపు అయిపోవాలన్న కొలత చాలు.

ఆమె రెండోసారి రాసినది ఇది. మన దగ్గర ఇవి ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళ్తాయి. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది.

విషయం: మొదటి ఉద్యోగం క్యూసీనా, ఆర్ఏనా – మన కాలేజీ జూనియర్ ప్రశ్న

మేడమ్, నమస్తే.

మన కాలేజీలో ఈ ఏడాదే ఎం.ఫార్మసీ (అనాలిసిస్) పూర్తి చేశాను. జనరిక్ దరఖాస్తుల్లో మాడ్యూల్ 3 రాసే పనిలోకి వెళ్లాలన్నది నా ఉద్దేశం. మీరు క్యూసీలో మొదలుపెట్టి ఆర్ఏకి వచ్చారని మీ ప్రొఫైల్‌లో చూసి రాస్తున్నాను.

నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి టాబ్లెట్ల ప్లాంటులో క్యూసీ ట్రైనీ, పర్మనెంట్. రెండోది చిన్న సంస్థలో ఆర్ఏ ట్రైనీ, ఏడాది కాంట్రాక్టు; పని పబ్లిషింగ్ మాత్రమే అన్నారు. నా మొగ్గు క్యూసీ వైపు ఉంది.

ఒక్క ప్రశ్న: మాడ్యూల్ 3 రాసేవాళ్లను తీసుకునేటప్పుడు రెండేళ్ల క్యూసీకి ఎక్కువ విలువ ఇస్తారా, ఏడాది పబ్లిషింగ్‌కా?

ఈ నెల 20లోపు జవాబు చెప్పాలి. ఒక్క లైను రాసినా చాలు. వీలుకాకపోయినా ఫర్వాలేదు మేడమ్.

దీన్ని నెమ్మదిగా చూడాలి. విషయం గడిలోనే ప్రశ్న ఉంది, రాసిందెవరో కూడా ఉంది. మెయిల్ తెరవకముందే ఆ మేడమ్ మనసులో జవాబు మొదలైపోతుంది. మార్కులు లేవు, ఎందుకంటే ఈ ప్రశ్నకు మార్కులతో పనిలేదు. రెజ్యూమె లేదు. అది జతపరిస్తే, సలహా అన్నది పైమాట, అడుగున ఉన్నది ఉద్యోగమే అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చాక చాలామంది మౌనంగా ఉండటమే మేలనుకుంటారు, సిఫార్సు చేయడం వాళ్ల చేతిలో ఉండకపోవచ్చు కనుక. ఉద్యోగమే కావాలంటే ఉద్యోగమే అడగాలి. అది వేరే ఉత్తరం.

“నా మొగ్గు క్యూసీ వైపు ఉంది” అన్న చిన్న వాక్యం చేసే పని పెద్దది. తేల్చుకోలేనివాళ్ల తరఫున నిర్ణయం తీసుకోవడమంటే ఎవరికైనా జంకే. రేపు తేడా వస్తే తనను తలుచుకుంటారేమోనన్న భయం ఉంటుంది. ఒక పక్కకు మొగ్గిన మనిషికి అవును, సరిగ్గానే ఉన్నావు అనో, ఆగు, ఒకటి మర్చిపోయావు అనో చెప్పడం తేలిక. తేదీ పెట్టడం కూడా ఇలాంటిదే. అర్జెంట్ అన్న మాట ఆజ్ఞలా వినిపిస్తుంది, ఎప్పటిలోపో చెప్పదు. 20వ తేదీ అంటే ఈ రాత్రికి కాకపోయినా గురువారం రాయొచ్చని తెలుస్తుంది. ఇక చివరి వాక్యం అమ్మాయి ఊరికే మర్యాదకు రాసింది కాదు. వీలుకాకపోయినా ఫర్వాలేదన్నాక, జవాబిచ్చేవాళ్లు ఇష్టంతో ఇస్తారు.

ఫోన్‌లో మాట్లాడమనలేదని కొందరు ఆశ్చర్యపోవచ్చు. పదిహేను నిమిషాల కాల్ చిన్న కోరికలాగే కనిపిస్తుంది. కానీ దానికి ఇద్దరికీ కుదిరే సమయం చూడాలి, క్యాలెండర్ చూడాలి, మళ్లీ మెయిల్ రాయాలి. లైనులో జవాబిచ్చే ప్రశ్నకు అంత ఏర్పాటు ఎందుకు? సంభాషణ పెరగాలనిపిస్తే ఆమే ఫోన్ చెయ్యమ్మా అంటారు. అప్పుడు మాట్లాడితే ఆ కాల్ రుచే వేరు.

అడగకూడనివీ కొన్నున్నాయి, ఫార్మాలో మరీ ముఖ్యంగా. మీ ప్లాంటులో తనిఖీకి వచ్చిన అమెరికా అధికారులు ఏ లోపాలు రాశారు, మీ దరఖాస్తుల్లో ఏవి వెనక్కి వచ్చాయి, ఫలానా మందు ఎప్పుడు మార్కెట్లోకి వస్తుంది లాంటివి. నేర్చుకోవాలన్న కుతూహలంతోనే అడిగినా, అవతలి మనిషి ఉద్యోగానికి అది చేటు. కంపెనీ మెయిల్ చిరునామా ఊహించి పట్టుకుని రాయడం కూడా అంత మంచిది కాదు. ఆఫీసు మెయిళ్లను ఐటీ విభాగం చూసే వీలుంటుంది, అక్కడ నుంచి మనసు విప్పి రాయడానికి ఎవరైనా వెనకాడతారు. లింక్డ్ఇన్ ద్వారా పలకరించడం గానీ, కాలేజీ ప్రొఫెసర్‌ను అడిగి ఆమె అనుమతితో వ్యక్తిగత మెయిల్ తీసుకోవడం గానీ చేయాలి. ఆ ప్రొఫెసర్ ఒక మాట ముందే చెప్పి ఉంచితే ఇంకా మంచిది. మెయిల్‌కు లేని మొహమాటం కాస్త అక్కడ పుడుతుంది.

జవాబు రాకపోతే ఎలా తెలుసుకోవాలి, ఎంత ఆగాలి? ఐదారు పనిదినాలు ఆగి, అదే మెయిల్‌కు జవాబుగా రెండు లైన్లు రాయొచ్చు: “మేడమ్, 20వ తేదీ దగ్గరపడింది కాబట్టి ఒకసారి గుర్తుచేస్తున్నాను.” అంతే. మూడోసారి రాయకూడదు. అదే ఉత్తరాన్ని ఒకేసారి పదిమందికి కాపీ చేసి పంపడం ఇంకా ప్రమాదం. ఈ రంగంలో ఆర్ఏ మేనేజర్లకు ఒకరికొకరు తెలుసు. పేరు మార్చడం మరిచిపోయి ఒకరి మెయిల్ మరొకరికి వెళ్లడమూ కొత్తేమీ కాదు. ఇద్దరికి రాయాలంటే ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు ఉండాలి. మేనేజరును ఎంపిక గురించి అడిగితే, పబ్లిషింగ్‌లో రెండేళ్లుగా ఉన్న సీనియర్‌ను, మీ టీములో గడిచిన రెండేళ్లలో ఎవరైనా రాసే పనిలోకి మారారా అని అడగాలి. ఆ మనిషి అభిప్రాయం చెప్పనక్కర్లేదు, కళ్లారా చూసింది చెబితే చాలు.

మన నమూనాలో మేడమ్ నుంచి మూడో రోజు రాత్రి జవాబు వచ్చిందనుకుందాం. ఇలా ఉంటుంది: “క్యూసీలో చేరమ్మా. కానీ రోజూ రిలీజ్ శాంపిళ్లే చేయిస్తారా, మెథడ్ వాలిడేషన్‌లో, స్టెబిలిటీలో కూడా వేస్తారా అడుగు. రిలీజ్ ఒక్కటే అయితే రెండేళ్ల తర్వాత మాడ్యూల్ 3కి పెద్దగా అక్కరకు రాదు.”

మూడు లైన్లే గానీ ఇందులో అచ్చుపుస్తకంలో లేని సంగతి ఉంది. క్యూసీ అంటే ఒకే పని కాదు. తయారైన బ్యాచ్ బయటికి వెళ్లేముందు చేసే మామూలు పరీక్షలు రిలీజ్ పని. పరీక్షించే పద్ధతే నమ్మదగినదని రుజువు చేయడం వాలిడేషన్. మందును నిర్ణీత వేడిలో, తేమలో నెలల తరబడి ఉంచి చూడటం స్టెబిలిటీ. సీటీడీలో ఈ చివరి రెండింటికీ విడిగా చోటుంది: మందు రూపానికి సంబంధించి 3.2.P.5.3లో వాలిడేషన్, 3.2.P.8లో స్టెబిలిటీ. ఆ నివేదికలు తన చేత్తో తయారుచేసిన మనిషి రేపు ఆర్ఏలో వాటిని చదువుతున్నప్పుడు ఎక్కడ అంకె పొసగలేదో పసిగడుతుంది. నియంత్రణ సంస్థ నుంచి సందేహాలు వచ్చినప్పుడు ల్యాబ్‌ను ఏం అడగాలో ఆమెకు తెలుస్తుంది. ఇంకో మేనేజరు ఇంకోలా చెప్పొచ్చు కూడా. పబ్లిషింగ్ పెద్దగా ఉన్న కంపెనీలో పనిచేసేవాళ్లకు ఆ అనుభవమే విలువైనదిగా తోచవచ్చు. అందుకే జవాబును, చెప్పిన మనిషి కూర్చున్న చోటుతో కలిపి చదవాలి.

ఆ రాత్రే అమ్మాయి రాయాల్సింది: “ధన్యవాదాలు మేడమ్. రేపు ప్లాంటు హెచ్‌ఆర్‌ను ఇదే అడుగుతాను, ఏం తేలిందో మీకు చెబుతాను.” మర్నాడు హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి, మొదటి ఏడాది రిలీజ్‌లోనే ఉంటుందా, తర్వాత స్టెబిలిటీకి గానీ వాలిడేషన్‌కు గానీ మారుస్తారా అని అడగాలి. క్యూసీ హెడ్‌ను కనుక్కుని చెబుతామంటే ఏ రోజుకి చెబుతారో కూడా అడిగి రాసుకోవాలి. మొదటి ఏడాది తర్వాత స్టెబిలిటీలో వేస్తామని మాట వస్తే 20వ తేదీకి ముందే ఒప్పుకోవచ్చు. అలాంటి మాట రాకపోతే పబ్లిషింగ్ సంస్థకే ఫోన్ చేసి, కాంట్రాక్టు మధ్యలో రాసే పని కొంత ఇస్తారా అని అడగాలి. ఏది తేలినా మేడమ్‌కు రెండు లైన్లు రాయాలి. ఏ ప్లాంటు, ఏ విభాగం, ఏ తేదీన చేరుతోంది అన్నవి ఆ రెండు లైన్లలో ఉంటే చాలు.